సిజేరియన్ తర్వాత యాంటీబయాటిక్ ఎన్ని రోజులు: జిల్లా ఆసుపత్రిలో ఆడిట్ ఎలా జరుగుతుంది

క్లుప్తంగా: మార్గదర్శకాల ప్రకారం సిజేరియన్‌కు ముందు ఒక్క డోసు యాంటీబయాటిక్ సరిపోతుంది. చాలా ఆసుపత్రుల్లో మాత్రం రోజుల తరబడి ఇస్తారు. ఈ తేడా ఎంతో కొలిచి, కారణం వెతికి, మార్పు చేసి, మళ్లీ కొలిచే పద్ధతే క్లినికల్ ఆడిట్. ఏ కేస్ షీట్లు తీశారు, రాయకుండా వదిలిన గడులను ఎలా లెక్కించారు అన్న రెండు విషయాలను బట్టే ఫలితం చాలా వరకు మారిపోతుంది. తర్వాత ఆ అంకె ఎవరి చేతికి, ఏ రూపంలో వెళ్లిందన్న దాన్ని బట్టి వార్డులో మార్పు ఉంటుంది.

## ఈ చర్చ ఎక్కడి నుంచి వచ్చింది

జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం ఎన్‌సీడీసీ 2021-22లో దేశంలోని 20 పెద్ద ఆసుపత్రుల్లో సర్వే చేసింది. సర్వే రోజున వార్డుల్లో ఉన్న రోగుల్లో 71.9 శాతం మందికి యాంటీబయాటిక్ నడుస్తోంది. ఇచ్చిన వాటిలో సగానికి పైగా, అంటే 55 శాతం, ఉన్న జబ్బును తగ్గించడానికి కాదు, రాబోయే ఇన్ఫెక్షన్‌ను ఆపడానికి ఇచ్చినవే. 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టర్ జనరల్ డాక్టర్లకు లేఖ రాశారు. యాంటీబయాటిక్ రాసిన ప్రతిసారీ ఎందుకు రాస్తున్నారో కూడా చీటీలో రాయాలని అందులో కోరారు.

ఆ సర్వే జరిగినవి పెద్ద ఆసుపత్రులు. జిల్లా ఆసుపత్రికి వచ్చేసరికి పరిస్థితి వేరు. ఇన్ఫెక్షన్‌కు కారణమైన క్రిమి ఏదో తేల్చే కల్చర్ పరీక్ష చేసే ల్యాబ్ అన్నిచోట్లా ఉండదు, ఉన్నా రాత్రిపూట నడవదు. ఎవరు ఎంత యాంటీబయాటిక్ రాశారో చెప్పే కంప్యూటర్ రికార్డు కూడా చాలాచోట్ల లేదు. ఉన్నదల్లా కాగితం కేస్ షీటే. అందుకే ఇక్కడ ఆడిట్ అంటే ఆ కాగితాలను ఒక పద్ధతి ప్రకారం చదవడం.

జాతీయ నాణ్యతా ప్రమాణాలైన ఎన్‌క్వాస్ కింద ప్రిస్క్రిప్షన్ ఆడిట్ ఇప్పటికే చేయాలి. దాన్నీ దీన్నీ ఒకటే అనుకోవడం వల్ల చాలా గందరగోళం వస్తోంది. ప్రిస్క్రిప్షన్ ఆడిట్ ఎక్కువగా చీటీని చూస్తుంది: జెనరిక్ పేరు రాశారా, అక్షరాలు చదవగలిగేలా ఉన్నాయా, సంతకం, తేదీ ఉన్నాయా అని. ఈ రోగికి, ఈ సందర్భంలో, ఈ మందు ఇన్ని రోజులు అవసరమా అన్నది క్లినికల్ ఆడిట్ అడిగే ప్రశ్న. చీటీ అచ్చుగుద్దినట్టు రాసి ఉండి కూడా ఈ రెండో ప్రశ్నలో తప్పవచ్చు.

## అన్నీ కాదు, ఒక్క ప్రశ్న

మొదటిసారి ఆడిట్ చేసే బృందాలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. “ఆసుపత్రిలో యాంటీబయాటిక్ వాడకం” అంతటినీ ఒకేసారి కొలవాలని చూస్తారు. జ్వరాలు, న్యుమోనియా, మూత్రనాళ ఇన్ఫెక్షన్, కాలి పుండ్లు, ఆపరేషన్లు అన్నీ కలిపి ఒకే శాతం తీస్తే ఆ శాతాన్ని చూసి ఎవరూ ఏమీ మార్చలేరు.

తెలుగు రాష్ట్రాల జిల్లా ఆసుపత్రికి సిజేరియన్ మంచి ఆరంభం. కేసుల సంఖ్యకు కొదవ లేదు. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులు కలిపి తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. పైగా ఇక్కడ రోగ నిర్ధారణ మీద వాదన ఉండదు. ఆపరేషన్ జరిగిందా లేదా అన్నది అందరికీ తెలిసిన విషయమే. సరైన సమాధానం కూడా స్పష్టంగా ఉంది.

కోత పెట్టే సమయానికి మందు రక్తంలో, చర్మం కింది కణజాలంలో తగినంత ఉండాలి. అప్పుడు గాయంలోకి చేరిన కొద్దిపాటి సూక్ష్మక్రిములు పెరగకముందే అణిగిపోతాయి. ఒకప్పుడు మందు బిడ్డకు చేరకూడదని బొడ్డుతాడు బిగించాకే ఇచ్చేవారు. కోతకు ముందే ఇస్తే తల్లికి ఇన్ఫెక్షన్లు తగ్గుతాయని ట్రయల్స్‌లో తేలాక ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు మారింది. ఇప్పుడది కోతకు ముందు మొదటి తరం సెఫలోస్పోరిన్ గానీ పెన్సిలిన్ గానీ ఒక్క డోసు ఇవ్వమంటోంది. ఆపరేషన్ అయిపోయాక నివారణ కోసమని మందు కొనసాగించవద్దని కూడా చెబుతోంది. కుట్లు వేసి గాయం మూసేశాక ఇచ్చే డోసుల వల్ల అదనపు రక్షణ ఉండదు.

వాడుకలో ఉన్నది దీనికి చాలా దూరం. సెఫ్ట్రియాక్సోన్ ఒక గ్రాము రోజుకు రెండుసార్లు, మెట్రోనిడజోల్ సీసా రోజుకు మూడుసార్లు, కనీసం మూడు రోజులు, ఆ తర్వాత ఇంటికి సెఫిక్సిమ్ మాత్రలు. ఇది చాలా వార్డుల్లో కనిపించే వరస. మూడు రోజులకే ఒక్కో బాలింతకు 15 సార్లు మందు ఎక్కించాలి. నెలకు 180 సిజేరియన్లు జరిగే ఆసుపత్రిలో మూడు నెలలకు అది 8,100 సార్లు. సెఫాజోలిన్ 2 గ్రాముల ఒక్క డోసైతే 540 సార్లతో పని అయిపోతుంది. మందు ఖర్చు కన్నా ఇక్కడ ముందుగా చూడాల్సింది నర్సుల సమయం, మూడు రోజులు చేతికి ఉండే క్యాన్యులా, దాని వల్ల వాచే నరం. పైగా ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో సెఫాజోలిన్ మామూలుగా వాడదగిన “యాక్సెస్” గుంపులో ఉంటే, సెఫ్ట్రియాక్సోన్, సెఫిక్సిమ్ రెండూ నిరోధకత ముప్పు ఎక్కువున్న “వాచ్” గుంపులో ఉన్నాయి.

## షీటు తెరవకముందే రాసుకోవాల్సినవి

ప్రమాణాలు ముందే కాగితం మీద ఉండాలి. షీట్లు చదువుతూ ప్రమాణాలు తయారుచేస్తే, చదివేవాళ్లకు తెలియకుండానే అవి వార్డు అలవాటుకు దగ్గరగా జరిగిపోతాయి. సిజేరియన్‌కు నాలుగు ప్రశ్నలు చాలు. మందు ఎందుకు ఇస్తున్నారో రాశారా? ఆసుపత్రి యాంటీబయాటిక్ పాలసీలో ఉన్న మందే సరైన డోసులో ఇచ్చారా? కోతకు ముందు 60 నిమిషాల లోపు ఇచ్చారా? ఆపరేషన్ ముగిసిన 24 గంటల తర్వాత ఒక్క డోసైనా పడిందా?

చివరి ప్రశ్నలో 24 గంటలు ఎందుకన్న అనుమానం రావచ్చు. సిఫారసు ఒక్క డోసే. కానీ 24 గంటల గీత పెడితే నర్సుల మందుల చార్టు చూసి ఎవరైనా వాదన లేకుండా అవును, కాదు అని చెప్పగలరు. ఆ గీత కూడా దాటారంటే అది నివారణ డోసు ఆలస్యమైన సందర్భం కాదు, కోర్సు నడిచిందని అర్థం.

మినహాయింపులు అంతకన్నా ముఖ్యం. ఆపరేషన్‌కు ముందే జ్వరం ఉండి, గర్భసంచిలో ఇన్ఫెక్షన్ అని నిర్ధారించిన తల్లికి ఇచ్చేది నివారణ కాదు, చికిత్స. ఆమెను ఈ లెక్కలో కలపకూడదు. పెన్సిలిన్‌కు తీవ్రమైన ఎలర్జీ వచ్చిన చరిత్ర ఉంటే క్లిండమైసిన్, జెంటమైసిన్ ఇవ్వడం తప్పు కాదు, అదే సరైన మందుగా లెక్కించాలి. జ్వరం అన్న మాటకు కూడా హద్దు రాసుకోవాలి: షీటులో 38 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకు మించిన కొలత కనిపించాలి. “ఇన్ఫెక్షన్ అనుమానం” అన్న మాట ఒక్కటే చాలదు. ఈ జాగ్రత్త ఎందుకో రెండో విడత దగ్గర తెలుస్తుంది.

## ఏ షీట్లు తీయాలి

మూడు నెలల్లో 540 సిజేరియన్లు జరిగితే అన్నీ చదవడం ఇద్దరు, ముగ్గురితో అయ్యే పని కాదు. శాతంలో పది అటూ ఇటూ తేడా పర్వాలేదనుకుంటే, 95 శాతం నమ్మకంతో చెప్పడానికి మామూలుగా 96 షీట్లు కావాలి. మొత్తం 540 మాత్రమే కాబట్టి ఆ లెక్క 82కి తగ్గుతుంది. కొన్ని దొరకవు కాబట్టి 90 ఎంచుకోవడం మంచిది.

వాటిని ఎక్కడి నుంచి ఎంచుకోవాలన్నదే అసలు సమస్య. సులువైన దారి మెడికల్ రికార్డ్స్ గదికి వెళ్లి అల్మారాలోంచి తీయడం. కానీ అల్మారాలో ఉండేవి డిశ్చార్జయ్యాక తిరిగొచ్చిన షీట్లు మాత్రమే. పెద్దాసుపత్రికి రిఫర్ చేసినవి, మరణ సమీక్ష కోసం సూపరింటెండెంట్ గదికి వెళ్లినవి, డాక్టర్ బల్ల మీద సంతకానికి ఆగినవి అక్కడ ఉండవు. చిక్కులు వచ్చిన కేసులు ఎక్కువగా ఇవే. వీటిని వదిలేసిన శాంపిల్ ఆసుపత్రిని ఉన్నదానికన్నా బాగా చూపిస్తుంది. అందుకే జాబితా ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్ నుంచి రావాలి. జరిగిన ప్రతి ఆపరేషన్ అందులో ఉంటుంది.

రిజిస్టర్ నుంచి ప్రతి ఆరో పేరు తీస్తే సరిగ్గా 90 వస్తాయి. చూడ్డానికి చక్కగా ఉంటుంది, కానీ ఇందులో ఒక ఉచ్చు ఉంది. మూడు నెలలకు 540 అంటే సగటున రోజుకు ఆరు. ప్రతి ఆరో పేరు తీసినప్పుడు చాలా రోజుల్లో ఒకే వరుస సంఖ్య తగులుతుంది. అది ఉదయం మొదటి కేసు అయితే ముందే నిర్ణయించిన ఆపరేషన్లే ఎక్కువగా వచ్చి, అర్ధరాత్రి హడావిడిగా జరిగిన అత్యవసర సిజేరియన్లు తగ్గిపోతాయి. సమయపాలన తప్పేది ఎక్కువగా ఆ రాత్రి కేసుల్లోనే.

దీనికి పరిష్కారం సులువు. రిజిస్టర్‌లోని 540 వరుస సంఖ్యలను స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరసలో రాసి, పక్క వరసలో ఈ ఫార్ములా నింపాలి:

```
=RAND()
```

వచ్చిన అంకెలను విలువలుగా పేస్ట్ చేసి, ఆ వరస ఆధారంగా సార్ట్ చేస్తే పైన వచ్చే 90 పేర్లే శాంపిల్. తీశాక ఒక్కసారి సరిచూడాలి: రిజిస్టర్ మొత్తంలో అత్యవసర కేసులు ఎంత శాతమో, శాంపిల్‌లోనూ దాదాపు అంతే ఉన్నాయా? చాలా తేడా ఉంటే అత్యవసర కేసుల నుంచి, మిగతా వాటి నుంచి విడివిడిగా ఎంచుకోవడం మేలు.

దొరకని షీటు బదులు పక్క షీటు తీసుకోవడం దాదాపు అందరూ చేసే పనే. అలా చేస్తే అల్మారా సమస్య దొడ్డిదారిన మళ్లీ వచ్చి చేరుతుంది. దొరకనిదాన్ని దొరకనిదిగానే రాసి, నివేదికలో ఎన్నో చెప్పాలి.

ఒక రోజు పొద్దున్నే వార్డులో ఉన్న అందరి షీట్లూ చూసే సర్వే ఇంకో పద్ధతి. ఎన్‌సీడీసీ సర్వే ఇలాంటిదే. ఒక్క పూటలో అయిపోతుంది, ఆసుపత్రి మొత్తం మీద ఒక అంచనా ఇస్తుంది. కానీ ఎక్కువ రోజులు ఉండే రోగులు ఆ రోజు దొరికే అవకాశం ఎక్కువ, మూడో రోజే ఇంటికి వెళ్లేవాళ్లు దొరికే అవకాశం తక్కువ. మందు ఎన్ని రోజులు నడిచిందో కూడా ఆ ఒక్క పూట చూస్తే పూర్తిగా తెలియదు, ఎందుకంటే ఇంకా నడుస్తూనే ఉంటుంది. కాబట్టి ఈ ప్రశ్నకు డిశ్చార్జయిన షీట్లే సరైనవి.

## ఒక షీటును చదివితే

ఇలాంటి షీట్లు ఎలా ఉంటాయో తెలియడానికి ఒక నమూనా చూద్దాం. అత్యవసర సిజేరియన్, తెల్లవారుజామున జరిగింది. మత్తు డాక్టర్ రికార్డులో టెస్ట్ డోసు తర్వాత సెఫ్ట్రియాక్సోన్ ఒక గ్రాము 2:10కి ఇచ్చినట్టుంది. ఆపరేషన్ నోట్స్‌లో కోత సమయం 2:25. నర్సుల చార్టులో అదే డోసు ఎదురుగా 2:00 అని ఉంది, ఎందుకంటే అక్కడ సమయాలు గంటల్లోకి సర్దేస్తారు. ఆ తర్వాత ఉదయం 8, రాత్రి 8 గడుల్లో నాలుగో రోజు వరకు టిక్కులు ఉన్నాయి. డాక్టర్ రౌండ్స్ నోట్స్‌లో రెండో రోజు నుంచి యాంటీబయాటిక్ ప్రస్తావనే లేదు, రోజూ ఒకటే మాట: “సీఎస్‌టీ”. అంటే నడుస్తున్న చికిత్సే కొనసాగించమని. డిశ్చార్జి కాగితంలో సెఫిక్సిమ్ 200 మిల్లీగ్రాములు, రోజుకు రెండు, ఐదు రోజులు.

నాలుగు ప్రశ్నలకూ ఈ షీటు జవాబులు చూస్తే: కారణం రాయలేదు. మందు పాలసీలోది కాదు. సమయం సరిగ్గా ఉంది, కోతకు 15 నిమిషాల ముందు పడింది. ఆపడం మాత్రం జరగలేదు. ఈ షీటుకు “తప్పు” అని ఒకే ముద్ర వేస్తే థియేటర్ బృందం చేసిన సరైన పని కనబడకుండా పోతుంది. అందుకే ఒక్కో ప్రశ్నకు విడి మార్కు ఉండాలి.

రెండు రికార్డుల్లో రెండు సమయాలు ఉంటే ఏది తీసుకోవాలో కూడా ముందే తేల్చుకోవాలి. ఇక్కడ మత్తు రికార్డుదే తీసుకోవాలి, అది అక్కడికక్కడ రాసింది. ఇలాంటి నియమాలు అందరికీ ఒకేలా అర్థమయ్యాయో లేదో తెలియాలంటే 20 షీట్లు ఇద్దరు వేర్వేరుగా చదివి చూడాలి. ఇరవైలో పదహారుకు ఒకే జవాబు వస్తే 80 శాతం ఏకీభావం బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఇద్దరిలో ఒక్కొక్కరూ 13 షీట్లకు “సరే” అని ఉంటే, అందులో చాలా భాగం యాదృచ్ఛికంగా కూడా కలిసే అవకాశం ఉంది. ఆ భాగం తీసేసి చూపే కప్పా అనే కొలత ఇక్కడ 0.56 మాత్రమే వస్తుంది. అంటే తేడా వచ్చిన నాలుగు షీట్లనూ ముందేసుకుని కూర్చుని, నియమాన్ని స్పష్టంగా తిరిగి రాసి, అప్పుడు మిగతావి మొదలుపెట్టాలి.

## అంకెలు ఎలా మారిపోతాయి

పద్ధతి అర్థం కావడానికి ఊహించి వేసిన లెక్క ఇది. 90 షీట్లు ఎంచుకుంటే ఆరు దొరకలేదు. మిగిలిన 84లో నాలుగు ఇన్ఫెక్షన్‌కు చికిత్స పొందినవి. విశ్లేషణకు మిగిలింది 80. వాటిలో కారణం రాసినవి 52. పాలసీ మందు ఇచ్చినవి 20. ఇరవై నాలుగు గంటల లోపు ఆపినవి 8.

సమయం దగ్గర చిక్కు వస్తుంది. మందు ఇచ్చిన సమయం, కోత సమయం రెండూ రాసి ఉన్నవి 44 షీట్లే. వాటిలో 30 సరైన సమయంలో ఉన్నాయి. సమయం రాయని 36 షీట్లను పక్కన పెడితే ఫలితం 68 శాతం. వాటిని కూడా తప్పినవిగా లెక్కిస్తే 38 శాతం. రెండు అంకెలూ అవే కాగితాల నుంచి వచ్చాయి. మొదటిది చూస్తే థియేటర్‌లో పెద్ద ఇబ్బంది లేదనిపిస్తుంది, రెండోది చూస్తే కంగారు పుడుతుంది. రెండో అంకెను ప్రమాణంగా తీసుకుని, 36 షీట్లలో సమయం అసలు రాయలేదన్న విషయాన్ని విడిగా చెప్పడం నిజాయితీ. ఎందుకంటే ఈ రెండు లోపాలకు పరిష్కారం ఒకటి కాదు. సమయం రాయకపోవడాన్ని ఫారంలో గడి పెట్టి సరిచేయవచ్చు. ఆలస్యంగా ఇవ్వడాన్ని సరిచేయాలంటే థియేటర్ పని వరసే మార్చాలి.

ఆపినవి 80లో 8, అంటే 10 శాతం. శాంపిల్ కాబట్టి అసలు విలువ 5 నుంచి 19 శాతం మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఈ హద్దులు రాయకుండా వదిలేస్తే, వచ్చేసారి 14 శాతం వచ్చినప్పుడు మెరుగుదల అని సంబరపడే ప్రమాదం ఉంది.

## మార్గదర్శకం తెలిసి కూడా ఎందుకు పాటించరు

ఆడిట్ అంకె కారణం చెప్పదు. కారణం కోసం వార్డులో, స్టోర్‌లో అడగాలి. ఇలాంటి ఆసుపత్రుల్లో డాక్టర్‌కు తెలియకపోవడం అన్నది తరచూ చివరి కారణంగా తేలుతుంది.

మొదటి కారణం మందు అందుబాటు. సెఫాజోలిన్ జాతీయ అత్యవసర మందుల జాబితా 2022లో ఉంది. కానీ వార్డు ఇండెంట్, అంటే స్టోర్ నుంచి కావలసిన మందుల జాబితా, పోయిన నెల వాడకాన్ని చూసి పెడతారు. పోయిన నెల వాడలేదు కాబట్టి ఈ నెల ఇండెంట్‌లో ఉండదు, ఇండెంట్‌లో లేదు కాబట్టి వాడరు. ఈ వలయాన్ని ఫార్మసిస్టు, సూపరింటెండెంట్ కలిసి తెంచాల్సిందే, డాక్టర్లకు క్లాసు తీసుకుంటే తెగదు.

రెండోది భయం. వార్డులో ఒక మంచం మీద ఇద్దరు, సందర్శకుల రద్దీ, డ్రెస్సింగ్ గది ఇరుకు. కుట్టు చీము పడితే బంధువులకు జవాబు చెప్పుకోవాల్సింది డ్యూటీలో ఉన్న డాక్టర్. విదేశీ ఆసుపత్రుల ట్రయల్స్ మన వార్డుకు పనికిరావన్న వాదన ఇక్కడి నుంచే వస్తుంది. ఈ భయాన్ని కొట్టిపారేయకూడదు. కానీ గాయం మూసేశాక రోజుల తరబడి ఇచ్చే మందు రద్దీకి, చేతుల శుభ్రతకు, స్టెరిలైజేషన్‌కు ప్రత్యామ్నాయం కాదు. ఆ టెన్షన్‌కు అసలు జవాబు ఇన్ఫెక్షన్లను లెక్కపెట్టి చూపడమే.

మూడోది పైన చూసిన “సీఎస్‌టీ”. మందు మొదలుపెట్టడానికి ఒక నిర్ణయం కావాలి, కొనసాగడానికి ఏ నిర్ణయమూ అక్కర్లేదు. ఆపడానికి మాత్రం ఎవరో ఒకరు పనిగట్టుకుని రాయాలి. ఆరు గంటల డ్యూటీలు మారే చోట ఆ ఎవరో ఒకరు ఉండరు. నమూనా షీటులో నాలుగు రోజులూ మందు నడవడం ఒక వ్యక్తి నిర్ణయం కాదు, ఎవరూ నిర్ణయం తీసుకోకపోవడం.

## ఫలితాన్ని తిరిగి చెప్పడం

ఆడిట్ చేసి ఫలితం తిరిగి చెప్పడం ఎంత పనిచేస్తుందన్న దానిపై కాక్రేన్ సంస్థ 2012లో 140 ట్రయల్స్‌ను సమీక్షించింది. సగటు మెరుగుదల తక్కువే, మధ్యస్థ విలువ 4.3 శాతం పాయింట్లు. గమనించాల్సింది ఆ అంకె చుట్టూ ఉన్న వ్యత్యాసం: పావు వంతు పోలికల్లో దాదాపు ఏమీ మారలేదు, మరో పావు వంతులో 16 పాయింట్లకు మించి మారింది. మొదట్లో పాటింపు తక్కువగా ఉన్నచోట, చెప్పేది సీనియర్ లేదా సహోద్యోగి అయినచోట, ఒకసారితో ఆపకుండా మళ్లీ మళ్లీ చెప్పినచోట, నోటితోనూ రాతలోనూ ఇచ్చినచోట, లక్ష్యం, చేయాల్సిన పని స్పష్టంగా ఉన్నచోట ఫలితం ఎక్కువ.

చాలాచోట్ల జరిగేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. నివేదిక నాలుగు నెలలకు తయారవుతుంది. సూపరింటెండెంట్ సంతకంతో అన్ని విభాగాలకూ సర్క్యులర్‌గా వెళుతుంది. “మార్గదర్శకాలను కచ్చితంగా పాటించవలెను” అని ఉంటుంది. ఎవరికి, ఏ పని, ఎప్పటిలోగా అన్నది ఉండదు.

పనిచేసే రూపం చిన్నది. షీట్లు చదవడం పూర్తయిన రెండు వారాల్లోపు, గైనకాలజీ విభాగం సీనియర్ డాక్టర్ అధ్యక్షతన అరగంట సమావేశం. ప్రసూతి డాక్టర్లతో పాటు మత్తు డాక్టర్లు, థియేటర్, వార్డుల ఇన్‌చార్జి నర్సులు, ఫార్మసిస్టు ఉండాలి. ఒకే పేజీ. అందులో నాలుగు అంకెలు, పేర్లు లేని ఒక షీటు ఉదాహరణ. డాక్టర్ల పేర్లు రాయకూడదు, యూనిట్లకు కోడ్ ఇచ్చి ఏ యూనిట్ అంకె ఆ యూనిట్‌కే తెలియజేయాలి. పైగా యూనిట్‌కు ఇరవై షీట్లే వస్తాయి కాబట్టి యూనిట్ల మధ్య పోటీ పెట్టడానికి ఆ అంకెలకు బలం కూడా ఉండదు. నాలుగింటిలో ఒక్కదాన్నే ఎంచుకుని లక్ష్యం పెట్టుకోవాలి. మన ఉదాహరణలో అది ఆపడం, 10 శాతం నుంచి 50 శాతానికి.

అప్పుడు పనులు పేర్లతో పంచాలి. సెఫాజోలిన్ ఇండెంట్ పెట్టే బాధ్యత ఫార్మసిస్టుది. మందు వార్డు నుంచి కాకుండా థియేటర్ ట్రేలోనే ఉంచడం థియేటర్ నర్సుది. కోతకు ముందు రోగి పేరు సరిచూసేటప్పుడే మందు ఇచ్చి సమయం రాయడం మత్తు డాక్టర్‌ది. మందుల చార్టులో నివారణ డోసుకు వేరే గడి పెట్టి, దాని కింద “24 గంటలకు ఆపాలి, కొనసాగితే కారణం, సంతకం” అని ముద్రించాలి. ఈ గడితో నిర్ణయం తిరగబడుతుంది. ఇప్పటిదాకా ఆపడానికి రాయాల్సి వచ్చేది, ఇక నుంచి కొనసాగించడానికి రాయాలి. మందు చార్టు చేతిలో ఉండే నర్సుకు అడిగే హక్కు కూడా దీంతో వస్తుంది.

ఆసుపత్రుల్లో యాంటీబయాటిక్ వాడకం మీద కాక్రేన్ 2017లో చేసిన మరో సమీక్షలో, 221 అధ్యయనాలను పరిశీలించాక, ఇలాంటి చర్యల వల్ల పాలసీ పాటింపు సగటున 43 నుంచి 58 శాతానికి పెరిగినట్టు తేలింది. మరణాలు పెరగలేదు. ఫీడ్‌బ్యాక్ తోడైనచోట ప్రభావం ఇంకా ఎక్కువ.

## రెండో విడత, దానిలోని మోసాలు

మార్పు మొదలైన మూడు నెలలకు అదే రిజిస్టర్, అదే రాండమ్ పద్ధతి, అవే నియమాలతో మళ్లీ తీయాలి. ఊహా లెక్కలో 80లో 36 షీట్లు ఆపినట్టు చూపాయనుకుందాం. అది 45 శాతం, హద్దులు 35 నుంచి 56. మొదటి విడత హద్దులైన 5, 19తో ఇవి కలవవు కాబట్టి మార్పు నిజమేనని చెప్పవచ్చు. 50 శాతం లక్ష్యం అందిందా అన్నది మాత్రం ఈ అంకెలతో తేల్చలేం.

ఇక్కడ చూడాల్సింది మినహాయింపుల సంఖ్య. మొదటి విడతలో 84కు నాలుగు ఉన్నవి రెండో విడతలో పదిహేనయ్యాయంటే అనుమానించాలి. ఇన్ఫెక్షన్లు పెరిగి ఉండవచ్చు. లేదా పాత కోర్సునే కొనసాగిస్తూ పైన “ఇన్ఫెక్షన్” అని రాస్తున్నారేమో. జ్వరం కొలత షీటులో ఉండాలన్న నియమం అందుకే ముందు పెట్టుకున్నది. ఉష్ణోగ్రత చార్టులో 38 డిగ్రీలు ఎక్కడా లేకుండా ఆ మాట ఉంటే ఆ షీటు లెక్కలోకే తిరిగి రావాలి. డిశ్చార్జి కాగితాన్ని కూడా వదలకూడదు. ఇంజెక్షన్ 24 గంటలకు ఆపి, మాత్రలు ఐదు రోజులు రాస్తే వార్డు చార్టు శుభ్రంగా కనిపిస్తుంది, వాడకం మాత్రం అలాగే ఉంటుంది.

ఇన్ఫెక్షన్లు పెరిగాయా అన్న ప్రశ్నకు ఈ 80 షీట్లు జవాబు చెప్పలేవు. 80 మందిలో ఒక్కరికీ చీము పట్టలేదనుకున్నా, అసలు రేటు దాదాపు 4 శాతం వరకు ఉండే అవకాశాన్ని ఆ సున్నా తోసిపుచ్చదు. కాబట్టి కుట్టు ఇన్ఫెక్షన్లను శాంపిల్‌తో కాకుండా జరిగిన 540 ఆపరేషన్లకూ లెక్కించాలి, అదీ మార్పుకు ముందు నుంచే. చాలా ఇన్ఫెక్షన్లు ఇంటికెళ్లాకే బయటపడతాయి. కుట్లు చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఒకసారి, 30 రోజులకు ఫోన్‌లో లేదా ఆశా, ఏఎన్ఎం ద్వారా ఇంకోసారి అడిగితేనే లెక్క నమ్మదగ్గది అవుతుంది. ఫోన్ ఎత్తనివాళ్లను “బాగున్నారు” కింద వేయకూడదు.

## ఇదే పద్ధతి జ్వరాలకు పనికొస్తుందా

కొంతవరకే. సిజేరియన్ ఆడిట్ సులువుగా నడవడానికి కారణం రోగ నిర్ధారణ అవసరం లేకపోవడం. జ్వరంతో చేరిన రోగి షీటులో “సెప్సిస్?” అని ఉంటే, ఆ నిర్ధారణ సరైనదా కాదా అన్నదే అసలు ప్రశ్న. కాగితం చూసి ఆడిట్ చేసేవాళ్లు దానికి జవాబు చెప్పలేరు. నిర్ధారణను నమ్మి మందును మాత్రమే సరిచూస్తే, తప్పు నిర్ధారణకు సరైన మందు రాసిన షీటుకు పూర్తి మార్కులు పడతాయి.

అక్కడ ప్రశ్న మారాలి. ఏ మందు రాశారన్న దాని కన్నా, 48 నుంచి 72 గంటల మధ్య ఎవరైనా ఆ మందును మళ్లీ చూసి, కొనసాగించాలా, మార్చాలా, ఆపాలా అని షీటులో రాశారా అని అడగాలి. మొదటి డోసుకు ముందు కల్చర్‌కు రక్తం తీశారా అన్నది ల్యాబ్ ఉన్నచోట రెండో ప్రశ్న. రెండూ కాగితంలో కనిపించేవే, రెండింటికీ అవును, కాదు అనే జవాబు వస్తుంది. శాంపిల్ జాబితా మాత్రం థియేటర్ రిజిస్టర్ నుంచి రాదు. వార్డు అడ్మిషన్ రిజిస్టర్‌లో యాంటీబయాటిక్ పడినవాళ్లెవరో ఉండదు కాబట్టి, ఇంజెక్షన్ల ఇండెంట్ పుస్తకాన్ని దానితో పోల్చి ముందుగా ఆ జాబితా తయారుచేసుకోవాలి. సిజేరియన్ ఆడిట్‌లో ఒక గంటలో అయ్యే ఈ పనికి ఇక్కడ వారం పట్టవచ్చు.